"చూస్తాం, చేసేద్దాం" అన్న కాల్‌ నుంచి గడువులు రాబట్టడం

హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో సాయంత్రం ఏడు దాటాక జరిగే స్టేటస్ కాల్స్‌లో "చేయను" అనేవాళ్లు దాదాపు ఉండరు. అందరూ సరేనంటారు. కాల్ అయ్యాక మినిట్స్ రాయడానికి కూర్చున్న మనిషికి బోలెడన్ని "సరే"లు దొరుకుతాయి గానీ ఒక్క తేదీ దొరకదు. అప్పుడు కొందరు విన్నది విన్నట్టు రాసి పంపేస్తారు: "టెస్ట్ కీ సంగతి క్లయింట్ చూస్తారు." ఇంకొందరు గడి ఖాళీగా ఉంటే బాగుండదని తమకు తోచిన తేదీ వేసేస్తారు. మొదటిదాంతో పని కదలదు. రెండోది ఇంకా ప్రమాదం. ఆ తేదీ ఎవరూ ఒప్పుకున్నది కాదు కాబట్టి, అది దాటిపోయిన రోజున "నేనెప్పుడన్నాను?" అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

అస్పష్టంగా సాగిన కాల్‌లో గడువు, మాట ఇచ్చిన మనిషి దగ్గర దొరకదు. ఆ పని చేతికొస్తే తప్ప తన పని మొదలుపెట్టలేని తర్వాతి మనిషి దగ్గర దొరుకుతుంది. "ఎప్పటికిస్తావ్?" అని అడిగే ముందు "ఇది ఎవరికి, ఎప్పటికి కావాలి?" అని లెక్కేసుకోవాలి. ఆ లెక్క ఎలా వేస్తారో ఒక కాల్ తీసుకుని చూద్దాం. మనుషులు, ప్రాజెక్టు కల్పితం. క్యాలెండర్ మాత్రం 2025 నాటి అసలు క్యాలెండరే.

మాదాపూర్‌లో ఉన్న టీమ్ న్యూజెర్సీలోని ఒక గిడ్డంగుల కంపెనీకి సాఫ్ట్‌వేర్ చేస్తోంది. వెనక్కొచ్చిన సరుకుల కోసం రిటర్న్స్ మాడ్యూల్ లైవ్‌కి వెళ్లాలి. ఆగస్టు 21, గురువారం, మనకి రాత్రి 7:30, వాళ్లకి ఉదయం 10. నలభై నిమిషాల కాల్‌లో పనికొచ్చే మాటలు ఇవి. క్లయింట్ మాటలు ఇంగ్లీషులో వచ్చినవే, ఇక్కడ సారాంశం మాత్రం.

క్లయింట్ మేనేజర్: "లేబర్ డే అయిపోగానే లైవ్‌కి వెళ్దాం."
శ్రీకాంత్, డెవలపర్: "ఆల్మోస్ట్ అయిపోయిందండీ. లేబుల్ ప్రింటింగ్ ఒక్కటే ఉంది. కొరియర్ వాళ్ల టెస్ట్ కీ వస్తే అదీ అయిపోతుంది."
క్లయింట్ మేనేజర్: "కీ సంగతి మా సెక్యూరిటీ వాళ్లని అడుగుతాను."
స్వప్న, టెస్టర్: "బిల్డ్ ఇస్తే ఒకటిన్నర రోజులో చూసేస్తాం."
టీమ్ లీడ్: "చేంజ్ రిక్వెస్ట్ కూడా పెట్టేయాలి." అందరూ అవునన్నారు.
క్లయింట్ మేనేజర్: "పాత డేటా గురించి ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం."

ముందు క్రియల్ని చూడాలి. "చేస్తాను" అంటే మనిషి దొరికినట్టే. "చేస్తాం" అంటే టీమ్ దొరికింది, మనిషి ఇంకా దొరకలేదు. స్వప్న అన్న "చూసేస్తాం"లో స్వప్నే చూస్తుందా, ఆమె పక్కన కూర్చునే కుర్రాడు చూస్తాడా తెలియదు. "పెట్టేయాలి" అన్నదాంట్లో అసలు మనిషే లేడు. అవసరం ఉందని అందరూ ఒప్పుకున్నారంతే, మోసేవాళ్లెవరూ లేరు. ఇలాంటి వాక్యానికి అందరూ తలూపితే అనుమానం పెరగాలి గానీ తగ్గకూడదు. "అయిపోతుంది" మరో రకం: పని దానంతటదే అవుతుందన్నట్టు ఉంటుంది, వెనక ఒక "వస్తే" దాక్కుని ఉంటుంది. ఆ "వస్తే"ని విడదీసి వేరే వరుసగా రాయాలి, ఎందుకంటే అది ఇంకొకరి పని.

అన్నిటికంటే జారిపోయే మాట "అడుగుతాను, చూస్తాను". కీ ఇవ్వడం క్లయింట్ మేనేజర్ చేతిలో లేదు, సెక్యూరిటీ వాళ్ల చేతిలో ఉంది. ఆయన పేరు పక్కన "కీ ఇవ్వాలి" అని తేదీ వేస్తే ఆయన ఒప్పుకోడు, ఒప్పుకున్నా నిలబెట్టుకోలేడు. ఫలితం మనిషి చేతిలో లేనప్పుడు గడువు పెట్టాల్సింది కబురుకి. "కీ వచ్చిందా, రాకపోతే ఎప్పటికొస్తుంది, సెక్యూరిటీలో ఎవరితో మాట్లాడాలి, ఈ మూడూ ఫలానా టైముకి చెప్పండి" అంటే ఆయన కాదనడానికి ఏమీ ఉండదు. పనికి ఒక వరుస, కబురుకి ఒక వరుస వేరువేరుగా రాయడం అలవాటైతే సగం తగాదాలు తగ్గుతాయి.

"ఆల్మోస్ట్" సంగతి చిన్నదే. శాతాలు అడగొద్దు, తొంభై అంటారు. కీ చేతికొచ్చాక ఎన్ని పనిగంటలు పడుతుందని అడగండి. శ్రీకాంత్‌ని కాల్ అయ్యాక చాట్‌లో అడిగితే "ఒక రోజు ఫుల్‌గా కావాలి" అన్నాడనుకుందాం. ఇది కాల్‌లో రాని సమాచారం. లెక్కకి మాత్రం ఇదే కీలకం.

ఇప్పుడు తేదీలు. గట్టిగా పట్టుకోదగ్గ మాట ఒక్కటే ఉంది: "లేబర్ డే అయిపోగానే". అమెరికాలో లేబర్ డే సెప్టెంబరు మొదటి సోమవారం, ఆ ఏడాది సెప్టెంబరు 1. కాబట్టి లైవ్ సెప్టెంబరు 2, మంగళవారం. ఇది క్లయింట్ నోట వచ్చిన మాటకి దగ్గరి అర్థమే తప్ప ఆయన చెప్పిన తేదీ కాదు, నోట్‌లో అలాగే గుర్తు పెట్టుకోవాలి. కాల్‌లో "నెక్స్ట్ ట్యూస్‌డే" అని ఎవరైనా అనుంటే ఇంకా జాగ్రత్త. గురువారం నాడు ఆ మాట ఒకరికి 26గా, ఇంకొకరికి 2గా వినిపిస్తుంది. అంకెల్లో 9/2 అని రాస్తే వాళ్లకి సెప్టెంబరు 2, మనవాళ్లలో కొందరికి ఫిబ్రవరి 9. నెల పేరు అక్షరాల్లో రాయడం ఒక్కటే దారి.

సెప్టెంబరు 2 నుంచి వెనక్కి నడుద్దాం. లైవ్‌కి ముందు క్లయింట్ తమ వైపు రెండు రోజులు పరీక్షించుకుంటారని ప్రాజెక్టు ప్లాన్‌లో ఉంది. వాళ్లకి తప్పులు దొరికితే మనం సరిచేయాలి, అది వాళ్లు మళ్లీ చూసి సరేననాలి. సోమవారం వాళ్లకి సెలవు కాబట్టి ఆ చివరి "సరే" ఆగస్టు 29, శుక్రవారం వాళ్ల సాయంత్రంలోగా రావాలి. ఆగస్టులో న్యూజెర్సీకి, మనకి తేడా తొమ్మిదిన్నర గంటలు. నవంబరు మొదటి ఆదివారం తర్వాత పదిన్నర అవుతుంది. వాళ్ల శుక్రవారం సాయంత్రం 5 అంటే మనకి శనివారం తెల్లవారుజామున 2:30. "ఈఓడీ" అని రాసిన ప్రతిచోటా ఈ తేడా ఒక రోజుని మింగేస్తుంది. ఎవరి ఈఓడీయో చెప్పని గడువు గడువే కాదు.

వాళ్లు బుధ, గురువారాలు పరీక్షించి, గురువారం సాయంత్రం తప్పుల జాబితా పంపితే అది మనకి శుక్రవారం తెల్లవారుజామున చేరుతుంది. శుక్రవారం పగలంతా సరిచేసి మన రాత్రి 7:30కి బిల్డ్ పెడితే వాళ్లకి ఉదయం 10. మళ్లీ చూసుకోవడానికి పూర్తి రోజు దొరుకుతుంది. ఇక్కడ టైమ్ తేడా మనకి కలిసొచ్చింది. వాళ్లు నిద్రపోతున్నప్పుడు మనం సరిచేశాం.

అయితే వాళ్ల పరీక్ష ఆగస్టు 27, బుధవారం ఉదయం 9కి, అంటే మన సాయంత్రం 6:30కి మొదలవ్వాలి. ఆ బుధవారం వినాయక చవితి. న్యూజెర్సీ క్యాలెండర్‌లో అది మామూలు పనిరోజు, మాదాపూర్‌లో ఆఫీసు ఉండదు. కాబట్టి బిల్డ్ ఆగస్టు 26, మంగళవారం రాత్రికే క్లయింట్ టెస్ట్ సర్వర్‌లో ఉండాలి. కాల్‌లో ఎవరూ అనని ఒక పని కూడా ఇక్కడ బయటపడుతుంది: పండగ సాయంత్రం క్లయింట్‌కి లాగిన్ అవ్వకపోతే ఫోన్ ఎత్తేదెవరు? ఇలాంటి పనులు మాటల్లో దొరకవు, క్యాలెండర్ పక్కన పెట్టుకుని వెనక్కి నడిస్తేనే కనిపిస్తాయి. దీన్ని క్లయింట్ ఉన్న కాల్‌లో అడక్కూడదు. మొహమాటానికి ఎవరో ఒకరు సరేనంటారు, ఆ రోజు ఊరెళ్లిపోతారు. టీమ్ చాట్‌లో అడిగి ఒక పేరు, రెండు గంటల సమయం ఖాయం చేసుకోవాలి.

ఇంకా వెనక్కి. స్వప్నకి ఒకటిన్నర రోజు కావాలి, దొరికిన తప్పులు సరిచేయడానికి మంగళవారం మధ్యాహ్నం కావాలి. అంటే ఆమె చేతికి బిల్డ్ ఆగస్టు 25, సోమవారం ఉదయం 10కి రావాలి. మధ్యలో శని, ఆదివారాలు. శ్రీకాంత్‌కి కావాల్సిన ఆ ఒక్క రోజు శుక్రవారం 22 మాత్రమే. ఆ రోజు ఉదయం అతను సీట్లో కూర్చునేటప్పటికి కీ ఉండాలంటే, క్లయింట్ మేనేజర్ సెక్యూరిటీ వాళ్లని ఈ రోజే, కాల్ జరుగుతున్న ఈ గురువారమే అడిగి సాయంత్రంలోగా తెప్పించాలి.

కాల్ మొత్తంలో అతి తేలిగ్గా వచ్చిన "అడుగుతాను" అన్న మాటకే అన్నిటికంటే దగ్గరి గడువు ఉంది. ఎవరూ దాన్ని అర్జెంట్ అనలేదు. అనకపోవడానికి కారణం కూడా ఉంది. ఆ కీ మీద ఎవరి పని ఆగి ఉందో దాన్ని తెప్పించే మనిషికి కనపడదు, కీ కోసం చూసే మనిషేమో మర్యాదకి గట్టిగా అడగడు. మినిట్స్ రాసేవాళ్లకి మాత్రమే రెండు చివరలూ కనిపిస్తాయి. అందుకే ఈ ఒక్క వరుసని మిగతావాటితో కలిపి పొడవాటి మెయిల్‌లో ఎనిమిదో లైన్‌గా పంపకూడదు. కాల్ అయిన పది నిమిషాల్లో, వాళ్ల ఉదయం పదకొండు కాకముందే, విడిగా ఆయనకే రాయాలి. అడిగేది, కారణం, టైము రెండు వాక్యాల్లో: "కొరియర్ టెస్ట్ కీ ఈ రోజు మీ సాయంత్రం 5లోగా అందితే 26న మీకు బిల్డ్ ఇవ్వగలం. కష్టమనిపిస్తే మీ మధ్యాహ్నం 2కల్లా ఒక మాట చెప్పండి, రేపటి ప్లాన్ మార్చుకుంటాం." మధ్యాహ్నం 2 అని పెట్టడం ఊరికే కాదు. మనకి అప్పుడు రాత్రి 11:30, లీడ్ ఇంకా మేలుకునే ఉంటాడు.

చేంజ్ రిక్వెస్ట్‌ది వేరే చిక్కు. ప్రొడక్షన్‌లో మార్పు చేయాలంటే క్లయింట్ దగ్గర ఆమోదం తెచ్చుకోవాలి. ఆ మీటింగ్ రోజూ ఉండదు. మన ఉదాహరణలో ప్రతి బుధవారం అనుకుందాం, దరఖాస్తు అంతకుముందు సోమవారం వాళ్ల మధ్యాహ్నం 12లోగా చేరాలి. సెప్టెంబరు 2 లైవ్‌కి పనికొచ్చే చివరి మీటింగ్ ఆగస్టు 27, కాబట్టి దరఖాస్తు ఆగస్టు 25, మన రాత్రి 9:30లోగా పడాలి. చాలా కంపెనీల్లో ఆ ఫారం బయటి టీమ్ వాళ్లు సొంతంగా పెట్టలేరు, లోపలి ఉద్యోగి పేరు మీదే వెళ్లాలి. అలాంటిచోట "పెట్టేయాలి" అన్న ఒక్క మాటలో రెండు పనులున్నాయి. వివరాలు, వెనక్కి తీసుకునే పద్ధతి రాసి ఇవ్వడం మన లీడ్ పని, సబ్మిట్ కొట్టడం క్లయింట్ మేనేజర్ పని. ఒకే వరుసలో రాస్తే సోమవారం రాత్రి ఇద్దరూ ఒకరినొకరు చూస్తూ ఉంటారు. ఇలాంటి స్థిర గడువుల్ని ఊహించొద్దు, క్లయింట్ చేంజ్ క్యాలెండర్ తెరిచి చూడాలి.

పాత డేటా గురించి "ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం" అన్నది పని కాదు, తేలని ప్రశ్న. దానికి పని రూపం తొడిగి "డేటా మైగ్రేషన్ – టీమ్ – త్వరలో" అని రాస్తే అది నెల తర్వాత కూడా అక్కడే ఉంటుంది. ప్రశ్నని ప్రశ్నలాగే, తేల్చాల్సిన మనిషి, తేల్చాల్సిన రోజుతో రాయాలి: పాత రిటర్న్స్ రికార్డులు లైవ్ రోజున కనపడాలా వద్దా? కనపడాలంటే పరీక్ష బిల్డ్‌లోనే ఉండాలి కాబట్టి సోమవారం 25 దాటితే ఆ ప్రశ్నకి జవాబు దానంతటదే "వద్దు" అయిపోతుంది. ఆ మాట నోట్‌లో రాసేస్తే జవాబు తొందరగా వస్తుంది.

ఇక నోట్. ప్రతి వరుసలో మనిషి, చూపించగలిగే ఫలితం, తేదీతోపాటు టైము, ఎవరి ఊరి టైము అన్నవి ఎటూ ఉంటాయి. చాలామంది వదిలేసేది ఆధారం. ఆ తేదీ కాల్‌లో అన్నదా, లెక్కలో తేలిందా, రాసేవాళ్లు ప్రతిపాదిస్తున్నదా? ఈ మూడిటినీ కలిపేస్తే నోట్ మీద నమ్మకం పోతుంది. విడివిడిగా చూపిస్తే చదివేవాళ్లు తమకు తెలియకుండా పడ్డ తేదీని వెంటనే పట్టుకుంటారు, కాదంటే అక్కడే కాదంటారు. మన కాల్‌కి నోట్ ఇలా వస్తుంది, టైములు హైదరాబాద్‌వి:

- కొరియర్ టెస్ట్ కీ గురించి కబురు: క్లయింట్ మేనేజర్, గురువారం ఆగస్టు 21, రాత్రి 11:30. కీ అందాల్సింది శుక్రవారం 22, తెల్లవారుజామున 2:30. (పని కాల్‌లో అన్నదే, టైములు లెక్కలో తేలినవి)
- లేబుల్ ప్రింటింగ్‌తో కలిపి బిల్డ్ స్వప్నకి: శ్రీకాంత్, సోమవారం 25, ఉదయం 10. కీ మీద ఆధారపడి ఉంది. (లెక్క)
- చేంజ్ రిక్వెస్ట్ డ్రాఫ్ట్: టీమ్ లీడ్, శుక్రవారం 22, సాయంత్రం 6. (ప్రతిపాదన)
- చేంజ్ రిక్వెస్ట్ సబ్మిట్: క్లయింట్ మేనేజర్, సోమవారం 25, రాత్రి 9:30. (క్లయింట్ చేంజ్ క్యాలెండర్)
- టెస్ట్ ఫలితాల షీట్: స్వప్న, మంగళవారం 26, మధ్యాహ్నం 2. (ఒకటిన్నర రోజు అన్నది కాల్‌లో, తేదీ లెక్కలో)
- క్లయింట్ టెస్ట్ సర్వర్‌లో బిల్డ్: శ్రీకాంత్, మంగళవారం 26, రాత్రి 9. (లెక్క)
- తేలాల్సిన ప్రశ్న, పాత రికార్డులు కావాలా: క్లయింట్ మేనేజర్, సోమవారం 25, రాత్రి 9:30. (ప్రతిపాదన)

చవితి సాయంత్రం డ్యూటీ క్లయింట్‌కి వెళ్లే నోట్‌లో పేరు, నంబరు వరకే ఉంటే చాలు. అది ఎలా కుదిరిందన్నది టీమ్ లోపలి విషయం.

ఈ నోట్ పంపే ముందు పేరున్న ప్రతి ఒక్కరికీ వాళ్ల వరుస చూపించాలి. శ్రీకాంత్‌కి "సోమవారం పదింటికి బిల్డ్ స్వప్న చేతిలో ఉండాలి, శుక్రవారం కీ వస్తే కుదురుతుందా?" అని చాట్‌లో అడిగితే, మధ్యాహ్నం రెండు గంటలు వేరే ప్రాజెక్టు డెమోకి పోతాయని అప్పుడు చెబుతాడు. అందరి ముందు మెయిల్‌లో చూస్తే చెప్పడు, "ఓకే" అంటాడు. కుదరదన్న మాట ఒంటరిగా అడిగినప్పుడే వస్తుంది, మన ఆఫీసుల్లో మరీనూ.

"రేపు ఉదయం 11లోగా మార్పు చెప్పకపోతే ఇలాగే ట్రాకర్‌లో పెడతాం" అని చివర్లో రాసే పద్ధతి టీమ్ లోపలి పనులకి బాగానే నడుస్తుంది. క్లయింట్ పేరున్న వరుసలకి, కాల్‌లో లేనివాళ్ల పేరున్న వరుసలకి నడవదు. వాళ్ల మౌనం ఒప్పుకోలు కాదు, మెయిల్ తెరవలేదని అర్థం. అక్కడ "సరే" అన్న ఒక్క మాటైనా రాతలో వచ్చేదాకా ఆ వరుస పక్కన "ఇంకా ఒప్పుకోలేదు" అనే ఉంచాలి.

ఎవరు ఏమన్నారో తేల్చుకోడానికి ఆటోమేటిక్ ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఆధారపడేవాళ్లు ఒక సంగతి గమనించాలి. మీటింగ్ రూమ్‌లో నలుగురు ఒకే మైకు ముందు కూర్చుంటే నలుగురి మాటలూ ఒకే పేరు మీద పడిపోవచ్చు. తెలుగు, ఇంగ్లీషు కలిపి మాట్లాడిన చోట వాక్యాలు చెదిరిపోతాయి. ఇంగ్లీషులో చేయగలం, చేయలేం అన్న మాటలకి మధ్య ఉన్నది చిన్న శబ్దమే. పేరు, తేదీ, కాదన్న మాట, ఈ మూడు ఉన్న చోట్ల రికార్డింగ్ ఆ నిమిషం దగ్గర తెరిచి చెవితో వినాలి. నోట్‌లో ఆ నిమిషం కూడా రాసిపెడితే తర్వాత వాదన ఉండదు.

చివరిగా కీ రాకపోతే ఏమవుతుందో కూడా ముందే లెక్కేసి ఉంచాలి. అది ఒక్క పనిరోజు ఆలస్యమై వాళ్ల శుక్రవారం సాయంత్రం వచ్చిందనుకోండి. శ్రీకాంత్ సోమవారం చేస్తాడు, స్వప్నకి మంగళవారం దొరుకుతుంది, మిగతా సగం రోజు చవితి దాటి గురువారం పొద్దున పడుతుంది. క్లయింట్‌కి బిల్డ్ మంగళవారం బదులు గురువారం సాయంత్రం చేరుతుంది. వాళ్లు గురు, శుక్రవారాలు పరీక్షిస్తే మనం సోమవారం సరిచేస్తాం, అప్పుడు వాళ్లకి సెలవు. మళ్లీ చూసేది మంగళవారం, లైవ్ బుధవారం 3. అప్పుడు చేంజ్ రిక్వెస్ట్‌లో రాసిన 2వ తేదీ కూడా తప్పవుతుంది, కాబట్టి అది సోమవారం సబ్మిట్ అవకముందే మార్చాలి. శనివారం పిలిచి పని చేయిస్తే సరిపోతుంది కదా అని కొందరు లీడ్లు ఈ లెక్కని దాటేస్తారు. శనివారం వస్తానని శ్రీకాంత్ చెప్పేదాకా అది క్యాలెండర్‌లో లేని రోజే. అడగాల్సిన ప్రశ్న క్లయింట్‌కి సంబంధించినది: లేబుల్ ప్రింటింగ్ లేకుండా 2న వెళ్తారా, దానితో కలిపి 3న వెళ్తారా? శుక్రవారం ఉదయం 10కి కీ లేకపోతే ఈ ప్రశ్న అదే రోజు సాయంత్రం 6:30కి, వాళ్లు ఆఫీసు తెరవగానే, ఆయన ఇన్‌బాక్స్‌లో ఉండాలి.